దసరా వారం, రాత్రి బండి

హైదరాబాద్‌లో దసరాకు పది రోజుల ముందు రాత్రి చెత్త బండి నిండుతుంది కానీ బరువెక్కదు. దసరా నాటి రాత్రి అదే బండి బరువెక్కుతుంది కానీ నిండదు. ఈ మార్పు ఏ రాత్రి మొదలైందో క్యాలెండర్ చూడకుండా చెప్పగలిగేవాడు డ్రైవరు. స్టీరింగ్ పట్టుకున్న చేతులకు, బ్రేకు మీద ఉన్న కాలికి అది ముందు తెలుస్తుంది. కాంటా దగ్గర ఇచ్చే చిట్టీ ఆ తర్వాత వస్తుంది.

అలాంటి ఒక డ్రైవరు కథ ఇది. ఆయన, ఆయన హెల్పరు కల్పిత పాత్రలు. బండిలో పడేదీ, బండి పనిచేసే తీరూ మాత్రం ఉన్నవే. అర్థం కావడానికి ఒక రాత్రి బండి తూకం లెక్క కట్టి చూపిస్తాను. ఆ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి, కానీ అలాంటి బండికి సరిపోయేవే.

ముందు బండి సంగతి. పొద్దున మన గుమ్మం ముందుకొచ్చే స్వచ్ఛ ఆటో వేరు, ఈ రాత్రి బండి వేరు. ఆటోలు కాలనీల్లో పోగుచేసింది తెచ్చి ఒకచోట దించుతాయి. బజార్లలో, కూడళ్లలో, చెరువు గట్ల మీద మిగిలిన కుప్పలు ఉండనే ఉంటాయి. వాటిని రాత్రిపూట ఎత్తి నగరం ఆ చివర జవహర్‌నగర్ యార్డుకు చేర్చేది పెద్ద బండి. వెనకవైపు తొట్టిలాంటి నోరు ఉంటుంది. హెల్పర్లు అందులో చెత్త వేస్తారు. హైడ్రాలిక్ జాకీలతో కదిలే ఒక ఇనుప పలక దాన్ని ఊడ్చి, నొక్కి, లోపలికి తోస్తుంది. దీన్నే కాంపాక్టర్ అంటారు. లోపల ముందువైపు ఇంకో పలక అడ్డంగా ఉంటుంది. చెత్త నొక్కుకుంటూ వచ్చేకొద్దీ అది కొద్దికొద్దిగా వెనక్కి జరిగి చోటిస్తుంది. రెండు పలకల మధ్య చెత్త బిగుసుకుంటుంది. బండి బాగా పనిచేయాలంటే చెత్త కూడా కాస్త ఎదురు నొక్కాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే దసరా రాత్రి జరిగేది అర్థమవుతుంది.

డ్రైవరు చూసేది నగరం పారేసిందంతా కాదని కూడా ముందే చెప్పాలి. ఇంట్లోంచి బయటపడ్డ అట్టపెట్టె, బీరు సీసా, పాత పేపరు రాత్రి బండి దాకా చాలావరకు రావు. ఆటో మీద పనిచేసే దంపతులు వాటిని పక్కకు తీసి సంచుల్లో కట్టుకుంటారు. స్క్రాప్ దుకాణంలో వాటికి ధర ఉంటుంది, ఆ డబ్బులతో వాళ్ల ఇల్లు గడుస్తుంది. అంటే మామూలు రోజుల్లో రాత్రి బండికి చేరేది ఎవరూ కొననిది. పండగ వారంలో ఈ జల్లెడ పనిచేయదు. రెండు ట్రిప్పుల చోట నాలుగు ట్రిప్పులు కొట్టాల్సి వచ్చినప్పుడు ఏరడానికి తీరిక ఎక్కడిది? అమ్ముడుపోయే సరుకు కూడా రాత్రి బండిలోకి వచ్చి పడుతోందంటే, ఏరే చేతులకు ఊపిరాడటం లేదని డ్రైవరుకు అర్థం.

మహాలయ అమావాస్యకు ముందు వారం ఇళ్లు దులిపే వారం. అటకల మీది సామాను కిందికి దిగుతుంది. అరిగిన చీపుళ్లు, పీచు బయటపడ్డ పరుపులు, మూతలు పోయిన ప్లాస్టిక్ డబ్బాలు, విరిగిన కుర్చీ, రంగు వెలిసిన కర్టెన్లు, పిల్లల నిరుటి నోటుపుస్తకాలు వస్తాయి. ఇవన్నీ పొడివి. చోటు ఆక్రమిస్తాయి, బరువు తూగవు. పలక వీటిని నొక్కుతుంది, వెనక్కి రాగానే పరుపు మళ్లీ పొంగుతుంది. చీరముక్కలూ కర్టెన్లూ పలక అంచులకు చుట్టుకుంటాయి. హెల్పరు బండి ఆపించి కత్తితో కోసి లాగాలి. పలక కదులుతుండగా చెయ్యి పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

దాని వెనకే కొనుగోళ్ల చెత్త వస్తుంది. కొత్త టీవీ, ఫ్రిజ్, మిక్సీ వచ్చిన పెట్టెల్లోంచి థర్మోకోల్ ముక్కలు, బుడగల కవర్లు, బట్టల దుకాణాల పలచటి సంచులు పడతాయి. థర్మోకోల్ దాదాపు గాలే. ఒక ఘనమీటరు థర్మోకోల్ పదీ పాతిక కిలోల మధ్య తూగుతుంది. అదే చోటులో నీళ్లు పోస్తే వెయ్యి కిలోలు.

"నిండినట్టే గొడ్తది గని బరువుండదు తమ్మీ. కాంటా కాడ ఏముంటది సూడు," అంటాడు డ్రైవరు.

ఆయన మాటను లెక్కలో పెడితే ఇలా ఉంటుంది. బండి డబ్బా 14 ఘనమీటర్లు అనుకుందాం. ఖాళీ బండి 10 టన్నులు. ఈ పొడి చెత్తను ఎంత నొక్కినా ఘనమీటరుకు 250 కిలోలకు మించి కూరడం కష్టం. డబ్బా అంచుల దాకా నిండినా చెత్త మూడున్నర టన్నులే. కాంటా మీద మొత్తం పదమూడున్నర టన్నులు చూపిస్తుంది. రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 18.5 టన్నుల దాకా ఉండొచ్చని 2018లో కేంద్రం నిబంధన సవరించింది. ఆ హద్దుకు ఇంకా ఐదు టన్నుల దూరం ఉంది. బండి తేలిగ్గా పరిగెడుతుంది, కానీ ట్రిప్పులు పెరుగుతాయి.

అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో చెత్త రంగు మారుతుంది. ఈ తొమ్మిది రోజుల్లో డ్రైవరు గమనించేది చాలామందికి తట్టనిది. కాలనీల చెత్తలో గునుగు కాడలు కనిపిస్తాయి, గునుగు పూలు కనిపించవు. తంగేడు ఆకులు, రెమ్మలు వస్తాయి, పసుపుపచ్చని పూలు రావు. బతుకమ్మ పేర్చేటప్పుడు కాడలు సమానంగా కత్తిరిస్తారు, ఆకులు దూస్తారు. ఆ కత్తిరింపులన్నీ ఇంటి చెత్తబుట్టలోకి పోతాయి. పూలు తాంబాళంలో గోపురంగా లేచి, ఆటపాటలయ్యాక చెరువులో నిమజ్జనమవుతాయి. ఒకే మొక్క రెండు ముక్కలై రెండు దారుల్లో నగరంలోకి వెళ్తుంది. కాడలు ఆ రాత్రే బండెక్కుతాయి. పూలు ఒకటి రెండు రోజుల తర్వాత గట్టు మీది కుప్పలోంచి, చెరువు నీళ్లు పీల్చుకుని వస్తాయి. చివరకు రెండూ ఒకే యార్డులో కలుస్తాయి.

నీళ్లలో వేసిన పూలను మళ్లీ ఎందుకు తీయాలని అడిగేవాళ్లుంటారు. ఊరి చెరువులో, వాన నీళ్లు పారే కాలంలో, ఇరవై బతుకమ్మలు కలిస్తే నీటికి ఏమీ కాదు. నగరంలో ఒక చిన్న కుంటలో ఒకే సాయంత్రం వందల బతుకమ్మలు దిగుతాయి. పూలు కుళ్లేటప్పుడు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు వాడేస్తాయి, చేపలకు మిగలదు. అందుకే అధికారులు ఘాట్ల దగ్గర విడిగా చిన్న కొలనులు కడుతున్నారు, మర్నాటికల్లా పూలు పైకి తీయిస్తున్నారు. ఆచారంలో దీనికి అడ్డేమీ లేదు. అమ్మవారిని సాగనంపడం ఆ సాయంత్రంతో పూర్తవుతుంది. ఇబ్బంది పెట్టేది పూలు కాదు, వాటితో వచ్చేది. గునుగుకు అద్దే గాఢమైన రంగులు, మెరుపు కాగితాలు, లోపల ఊతంగా పెట్టిన థర్మోకోల్, సద్దులు తెచ్చిన కవర్లు. గట్టు మీది కుప్పలోంచి వీటిని చీకట్లో వేరు చేయడం ఎవరి వల్లా కాదు.

దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మ రాత్రి బండి మొదటిసారి తడి బరువు మోస్తుంది. వెనుక రోజు నవమి, ఆ తర్వాత దశమి. ఈ రెండు రోజుల్లో నగరంలో చక్రం ఉన్న ప్రతిదానికీ, యంత్రం ఉన్న ప్రతి షెడ్డుకీ ఆయుధపూజ జరుగుతుంది. బూడిద గుమ్మడికాయలు కూడళ్లలో పగులుతాయి. నిమ్మకాయలు టైర్ల కింద నలుగుతాయి. కొబ్బరి చిప్పలు, అరటి పిలకలు, మామిడి తోరణాలు, బంతిపూల దండలు రోడ్డెక్కుతాయి. చెత్త బండ్ల పార్కింగ్ యార్డులో కూడా పూజ ఉంటుంది. మన డ్రైవరు బండికి పసుపు కుంకుమ పెట్టి, ముందు అద్దానికి దండ కట్టి, తనూ ఒక గుమ్మడికాయ కొడతాడు. కొట్టాక ముక్కలు తనే ఏరి బండి నోట్లో వేస్తాడు. కూడలిలో గుమ్మడి గుజ్జు మీద జారి పడ్డ బైకులు ఆయన చాలా చూశాడు.

దశమి సాయంత్రం ఇంకోటి జరుగుతుంది. గుడిమల్కాపూర్ లాంటి పూల మార్కెట్ చుట్టుపక్కలా, ప్రతి పెద్ద రోడ్డు పక్కనా లారీలకొద్దీ దిగిన బంతిపూలు, గుమ్మడికాయలు, అరటి పిలకలు ఉంటాయి. మధ్యాహ్నం దాకా బేరమాడిన సరుకుకు పూజ వేళ దాటగానే ధర ఉండదు. ఊరికి తిరిగి తీసుకెళ్తే లారీ కిరాయి కూడా రాదు. రైతో, చిల్లర వ్యాపారో ఆ కుప్ప అక్కడే వదిలి వెళ్తారు. రాత్రి బండికి ఎదురయ్యే అతి పెద్ద కుప్పలు ఇళ్లలోంచి వచ్చినవి కావు. ఎవరింటికీ చేరకుండానే చెత్తయిన పంట అది. ఒక మనిషి ఆరుగాలం పండించిన పూలను వాడక ముందే పారతో ఎత్తాల్సి రావడం ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగం. మధ్యాహ్నం మూడింటికే మార్కెట్ దగ్గర పూలకు విడిగా ఒక బండి పెడితే, ఆ సరుకు మురికి అంటకుండా ఎరువు గుంటకు వెళ్తుంది. రాత్రి పది దాటాక అది పూలు, పేపర్ ప్లేట్లు, సీసా పెంకులు కలిసిన గుజ్జు. అప్పుడు దాన్ని ఎవరూ ఎరువు చేయలేరు.

ఇప్పుడు దశమి రాత్రి బండి లోపలికి చూద్దాం. అరటి బోదెలో, గుమ్మడికాయలో తొంభై శాతానికి పైగా నీరే. బంతిపువ్వులో కూడా ముప్పాతిక వంతు కన్నా ఎక్కువ నీరు. పలక నొక్కగానే ఇవి నలిగి గుజ్జవుతాయి. పరుపులా పొంగవు, ఎదురు నొక్కవు. పక్కల నుంచి జారి మళ్లీ నోట్లోకి వస్తాయి. హెల్పరు వేసిందే మళ్లీ వేస్తున్నట్టు ఉంటుంది. అరటి నార పలక పట్టాల్లో ఇరుక్కుంటుంది. కొబ్బరి చిప్పలు చోటు చోటున గట్టిగా అడ్డం పడితే పలక ఆగిపోయి, హైడ్రాలిక్ నూనె పీడనం పెరిగి, ఇంజిను మూలుగుతుంది. ఆ శబ్దం విని డ్రైవరు క్యాబిన్‌లోంచే పలకను వెనక్కి తీయమంటాడు.

డబ్బాలో 12 ఘనమీటర్లు నిండాయి, ఇంకా రెండు ఘనమీటర్ల ఖాళీ ఉంది. గట్టు పక్కన కుప్ప మిగిలే ఉంది.

"అన్నా, ఇంక జాగ ఉన్నది గద. ఇది గూడ ఎక్కిద్దామా?"

"జాగ ఉంటే ఏంది? బరువు నిండింది. ఎనక టైర్లు జూడు, ఎట్ల కూసున్నయో."

ఆయన మాటే నిజం. తడి గుజ్జు ఘనమీటరుకు 700 కిలోల దాకా తూగుతుంది. 12 ఘనమీటర్లంటే 8 టన్నుల 400 కిలోలు. ఖాళీ బండి 10 టన్నులు కలిపితే 18.4. హద్దు 18.5. ఆ రెండు ఘనమీటర్లు కూడా నింపితే దాదాపు టన్నున్నర పైబడుతుంది. పైగా కాంపాక్టర్‌లో బరువంతా వెనక్కి ఉంటుంది. ఎక్కువ వేస్తే ముందు చక్రాల మీద భారం తగ్గి స్టీరింగ్ తేలిపోయినట్టవుతుంది. ఫ్లైఓవర్ దిగేటప్పుడు బ్రేకు వేసిన చోట ఆగదు. ఖాళీ ఉందని నింపితే జరిగే ప్రమాదం ఇది. కళ్లు దీన్ని పట్టుకోలేవు, ఎందుకంటే పది రోజుల క్రితం ఇదే బండి అంచుల దాకా నిండి కూడా హాయిగా పరిగెత్తింది.

నొక్కిన చెత్తలోంచి నీరు కారుతుంది. బండి కింద దాన్ని పట్టే చిన్న ట్యాంకు ఉంటుంది, వెనక తలుపుకు రబ్బరు పట్టీ ఉంటుంది. మామూలు రాత్రికి అవి సరిపోతాయి. 8 టన్నుల 400 కిలోల్లో ఇరవయ్యో వంతు నీరుగా కారినా 420 లీటర్లు. ట్యాంకు దారిలోనే నిండుతుంది. అరిగిన పట్టీ సందుల్లోంచి నల్లటి ద్రవం రోడ్డు మీద గీత గీసుకుంటూ పోతుంది. పొద్దున్నే ఆ దారిన వెళ్లేవాళ్లు ముక్కు మూసుకుని డ్రైవరును తిట్టుకుంటారు. పట్టీ మార్చమని ఆయన షెడ్డులో ముందే చెప్పి ఉంటాడు. పండగ వారంలో బండిని ఒక రోజు ఆపడానికి ఎవరూ ఒప్పుకోరు. దసరాకు రెండు వారాల ముందే అన్ని బండ్ల పట్టీలు చూసి మార్చడం పెద్ద ఖర్చు కాదు. నా ఉద్దేశంలో పండగ ఏర్పాట్ల జాబితాలో అది మొదట ఉండాలి.

దశమి అర్ధరాత్రి దాటాక వాసన మారుతుంది. మటన్ దుకాణాల, చికెన్ సెంటర్ల నల్ల కవర్లు, ఎముకలు, బిర్యానీ మిగిలిన విస్తర్లు, లోపల ప్లాస్టిక్ పొర ఉన్న పేపర్ ప్లేట్లు, సీసాలు వస్తాయి. సీసాలు పలక కింద పగిలే చప్పుడును బట్టి ఏ కాలనీలో పండగ ఎలా జరిగిందో హెల్పరు చెప్పేస్తాడు. సీసా పెంకులు వాళ్ల చేతులకు పెద్ద గండం. తడి గుజ్జులో పెంకు కనిపించదు, నానిన గ్లౌజు దాన్ని ఆపదు. పగిలిన గాజును పేపర్లో చుట్టి, పైన రాసి, విడిగా ఇవ్వడానికి మనకు ఒక నిమిషం పడుతుంది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు నగరం సగం ఊళ్లలో ఉంటుంది. అపార్టుమెంట్ల చెత్త తగ్గుతుంది. కానీ పనివాళ్లు కూడా ఊరెళ్తారు. వాళ్లకూ పండగే కదా. తక్కువ చేతులతో ఎత్తడం ఆలస్యమై, దశమి నాటి కుప్పలు ద్వాదశి దాకా రోడ్డు మీదే ఉంటాయి. మొదటి రాత్రి బంతిపూల వాసన వచ్చిన కుప్ప రెండో రాత్రికి పులుపు కొడుతుంది, మూడో రాత్రికి కంపు కొడుతుంది. గాలి ఆడని తడి కుప్పలో ముందు ఆమ్లాలు పుట్టి, తర్వాత మాంసం కుళ్లిన వాయువులు రావడమే దీనికి కారణం. కుప్ప ఎన్నాళ్లదో చెప్పడానికి డ్రైవరుకు ముక్కు చాలు.

యార్డుకు చేరాక ఈ తడి ఇంకో చిక్కు తెస్తుంది. జవహర్‌నగర్‌లో చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు 2020లో 19.8 మెగావాట్లతో మొదలైంది. కిలోకు 1500 కిలో క్యాలరీలు, అంతకన్నా ఎక్కువ వేడినిచ్చే, తిరిగి వాడలేని చెత్తను పూడ్చకూడదని, దాన్ని శక్తికే వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. అమావాస్య ముందు వారపు పొడి చెత్త ఆ హద్దును సులువుగా దాటుతుంది. దశమి గుజ్జు దాటదు. ఒక కిలో నీటిని వేడిచేసి ఆవిరి చేయడానికే సుమారు 600 కిలో క్యాలరీలు పోతాయి. చెత్తలో ముప్పాతిక నీరుంటే, మిగిలిన పావు ఇచ్చే వేడిలో పెద్ద భాగం ఆ నీటికే ఖర్చవుతుంది. తడి కట్టెలతో పొయ్యి రాజేసినట్టే. కాబట్టి ఆ గుజ్జును ముందు ఆరబెట్టాలి, వేరు చేయాలి, లేదా పక్కన పెట్టాలి. ఇంట్లో పూలు ఒక బుట్టలో, థర్మోకోల్ ఇంకో బుట్టలో వేసుంటే ఒకటి ఎరువుకు, ఒకటి పొయ్యికి పోయేవి. కలిపి నొక్కాక రెండూ ఎటూ పోవు.

పండగ వారంలో నగరంలో ఇన్ని వేల టన్నుల చెత్త వచ్చిందని వార్తలు చదువుతాం. టన్నులు చూసి జనం దసరా రోజే ఎక్కువ పారేశారనుకుంటాం. డ్రైవరు దానికి ఒప్పుకోడు. ఇళ్లలోంచి వస్తువులు ఎక్కువ పోయింది దులిపిన వారంలో, కొన్న వారంలో. అవి తేలికవి కాబట్టి కాంటా మీద కనిపించలేదు. దశమి నాటి టన్నుల్లో సగానికి పైగా నీరు, అందులో కొంత వానది కూడా. ఆశ్వయుజంలో ఒక్క జల్లు పడితే రోడ్డు మీది కుప్ప తూకం పెరుగుతుంది. చాలాచోట్ల మోత కూలి టన్ను లెక్కనే కడతారు, అంటే నగరం నీటికి కూడా కిరాయి ఇస్తోంది. తూకంతో పాటు ఎన్ని ట్రిప్పులు, ఎంత నిండిన బండి, తడా పొడా అని మూడు గడులు ఆ చిట్టీలో ఉంటే ఏ పండగకు ఏ బండి పంపాలో వచ్చే ఏడు ముందే తెలుస్తుంది. చిట్టీ రాసేవాడికి అది అర నిమిషం పని.

ద్వాదశి దాటాక డ్రైవరు బండిని షెడ్డుకు తీసుకెళ్లి పలక పట్టాల్లోని నార తీయించి, పట్టీ మార్పించి, లోపల కడిగిస్తాడు. దీపావళికి ఇరవై రోజులు కూడా లేవు. అప్పుడు వచ్చేది మళ్లీ పొడి చెత్తే. కాలిన కాగితం, కాకరపువ్వొత్తుల తీగలు, మందు మిగిలిన ఔట్లు. తీగలు టైర్లలో దిగుతాయి. పేలకుండా మిగిలిన టపాసు పలక నొక్కుడుకు పేలొచ్చు, ఆరని నిప్పు కాగితం మధ్య గంటసేపు కనలొచ్చు. కొత్తగా వచ్చిన హెల్పరుకు ఆయన ఇప్పటి నుంచే చెబుతుంటాడు. పొగ కనిపిస్తే పలకతో నొక్కొద్దు, బండిని పెట్రోలు బంకు దగ్గరా ఇళ్ల మధ్యా ఆపొద్దు, ఖాళీ జాగా చూసి సరుకంతా నేల మీద కక్కించి, పారతో పలచగా లాగి, అప్పుడు నీళ్లు కొట్టాలి. డబ్బాలో ఉండగా పైన పోసిన నీళ్లు లోపలి నిప్పుకు అందవు. వెనక తగిలించే నీళ్ల డ్రమ్ము పండగకు ముందు రోజు కాదు, ఈ వారమే నింపి పెట్టమంటాడు.